ఆరేళ్లలో నాలుగు ఉద్యోగాలు: ఐదు నెలలది దాచాలా, చూపించాలా?

అడిగినవారు: మియాపూర్ మెట్రో
జావా బ్యాకెండ్. 2019 జులై నుంచి నాలుగు చోట్ల చేశాను: సర్వీస్ కంపెనీలో రెండేళ్లు, థర్డ్ పార్టీ పేరోల్ మీద ఒక బ్యాంకు ప్రాజెక్టులో 20 నెలలు, స్టార్టప్‌లో 5 నెలలు (ప్రాజెక్ట్ ఆపేశారు), 2023 అక్టోబర్ నుంచి ఇప్పటి కంపెనీ. రెజ్యూమే చూడగానే "ఎందుకిన్ని మారారు?" అంటున్నారు. ఆ 5 నెలలది తీసేయనా?

గోదారి గట్టు
తీసేయండి. రెజ్యూమే అంటే అఫిడవిట్ కాదు కదా. నెలలు కూడా తీసేసి ఏళ్లు మాత్రమే వేస్తే గ్యాప్ కనిపించదు.

నియామకాల డెస్క్
రెజ్యూమే అఫిడవిట్ కాదన్నది నిజమే. చిక్కు తర్వాత వస్తుంది. ఆఫర్ దశలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో చాలా కంపెనీలు పాత ఉద్యోగాలన్నీ రాయమంటాయి, దాని కింద సంతకం మీదే. స్టార్టప్ పీఎఫ్ కట్టి ఉంటే యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, వదిలిన తేదీ కనిపిస్తాయి. పీఎఫ్ లేకపోయినా జీతంలో టీడీఎస్ కోసి ఉంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఫారం 26ఏఎస్‌లో ఆ కంపెనీ పేరు ఉంటుంది. ఐదు నెలల ఉద్యోగానికి ఆఫర్ పోదు, దాచినందుకు పోతుంది. ఏళ్లు మాత్రమే వేయడం కూడా పనికిరాదు. నౌక్రీ ప్రొఫైల్‌లో నెల కూడా అడుగుతుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

మీ రెజ్యూమేలో అసలు లోపం వేరేదై ఉంటుంది. నాలుగు ఉద్యోగాల కిందా "REST ఏపీఐలు డెవలప్ చేశాను" అనే ఒకే వాక్యం ఉంటే, ఒకే పనిని నాలుగు చోట్ల చేసినట్టు కనబడుతుంది. ఒక్కో చోట అంతకుముందు మీ చేతిలో లేనిది ఏం చేరిందో రాయండి. ఉదాహరణకి:

మొదటిది: ఇచ్చిన టికెట్లలో బగ్‌లు సరిచేయడం.
బ్యాంకు: ఒక మాడ్యూల్ మొత్తం మీ బాధ్యత, రిలీజ్ రాత్రి మీరే ఉండడం.
స్టార్టప్: ఒకటే లైను. "పేమెంట్ సర్వీస్ మొదటి నుంచి కట్టాను, ప్రాజెక్ట్ నిలిపివేత."
ఇప్పటిది: డిజైన్ మీది, మరో ఇద్దరి కోడ్ రివ్యూ మీది.

ఇది నిజమైతేనే రాయండి. బాధ్యత పెరగకుండా జీతం మాత్రమే పెరిగి ఉంటే, రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

కరీంనగర్ కుర్రాడు
నాది తిరగబడింది. పదేళ్లుగా ఒకే కంపెనీ. "ఎందుకు మారలేదు?" అంటున్నారు. నేనేం రాయాలి?

నియామకాల డెస్క్
దానికి వేరే థ్రెడ్ పెట్టండి తమ్ముడూ, అది ఇంతకన్నా పెద్ద గొడవ.

పేరోల్ పద్మ
బ్యాంకు ప్రాజెక్టు దగ్గర అసలు జాగ్రత్త కావాలి. చాలామంది బ్యాంకు పేరునే ఎంప్లాయర్‌గా వేసేస్తారు. వెరిఫికేషన్ వాళ్లు బ్యాంకుకి మెయిల్ పెడితే "ఈ పేరుతో మా రోల్స్‌లో ఎవరూ లేరు" అని జవాబొస్తుంది. పేరోల్ సంస్థ పేరు ఎంప్లాయర్ దగ్గర వేసి, కింద "క్లయింట్: ఫలానా బ్యాంకు" అనాలి. కాంట్రాక్ట్ అని రాస్తే 20 నెలలు తక్కువగానూ అనిపించవు, గడువు ముగిసిందని చదివేవాళ్లకే తెలుస్తుంది. ఒకే క్లయింట్ దగ్గర ఉండగా పేరోల్ సంస్థ మారితే రెండు ఉద్యోగాలుగా వేయొద్దు. క్లయింట్ పేరు మీద ఒకే పేరా, అందులో రెండు సంస్థలూ, తేదీలూ.

గోదారి గట్టు
సరే, దాచొద్దు. కానీ కారణం రెజ్యూమేలో ఎందుకు? ఇంటర్వ్యూలో అడిగితే చెప్పొచ్చుగా. కారణం రాస్తే సంజాయిషీ ఇస్తున్నట్టుంటుంది.

నియామకాల డెస్క్
మీ చేతిలో లేని కారణమైతే రెండు మాటల్లో రాయండి: ప్రాజెక్ట్ నిలిపివేత, కాంట్రాక్ట్ ముగింపు, కంపెనీ మూసివేత. మీరే మానేసింది అయితే రాయొద్దు. "మెరుగైన అవకాశం కోసం" అన్నది ఎవరూ నమ్మని మాట.

గోదారి గట్టు
నాకైతే మొదటిదీ అనవసరమే. మేనేజర్‌కి ఉద్యోగి కావాలి, కథ కాదు.

పేరోల్ పద్మ
ఆ మేనేజర్ దాకా వెళ్లాలి కదండీ. ముందు చూసేది రిక్రూటర్. కారణం కనబడకపోతే ఫోన్ చేసి అడిగే ఓపిక అందరికీ ఉండదు.

మియాపూర్ మెట్రో
ఉంచేస్తాను. కానీ స్టార్టప్ వాళ్లు పీఎఫ్‌లో నేను వదిలిన తేదీ వేయలేదు. పరవాలేదా?

పేరోల్ పద్మ
పరవాలేదు అనొద్దు. ఆ తేదీ ఖాళీగా ఉంటే 2023 అక్టోబర్ నుంచి రెండు చోట్ల పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, మూన్‌లైటింగ్ అనుకుంటారు. యూఏఎన్ పోర్టల్‌లో Manage కింద Mark Exit ఉంటుంది, ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాతే అది పనిచేస్తుంది, మీకది ఎప్పుడో దాటింది. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీనే వేయండి, ఒక్క రోజు తేడా ఉన్నా మళ్లీ ప్రశ్న వస్తుంది.