పీరియడ్స్ ఎక్కువవుతున్నాయి, లోపలి స్కాన్ రాశారు. ఏ రోజు వెళ్లాలి?

వనజ, ఖమ్మం: నాకు 42. నాలుగు నెలలుగా తొమ్మిదేసి రోజులు బ్లీడింగ్, గడ్డలు కూడా పడుతున్నాయి. పోయిన నెల పొట్ట మీద స్కాన్ చేశారు. గర్భసంచి లోపలి పొర 14 మిల్లీమీటర్లు అని రాశారు. ఇప్పుడు యోని లోపలి నుంచి చేసే స్కాన్ చేయించుకోమంటున్నారు. 14 అంటే క్యాన్సరా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

లక్కీమామ్: లీటరు నీళ్లు తాగి వెళ్లండి అక్కా. నేనైతే టోకెన్ రాక బాత్రూం తలుపు వంకే చూస్తూ కూర్చున్నా.

స్కాన్‌రూమ్: అది పొట్ట మీద స్కాన్‌కి. గంట ముందు నాలుగైదు గ్లాసులు తాగితే నిండిన మూత్రసంచి వెనకున్న గర్భసంచి కనిపిస్తుంది. లోపలి స్కాన్‌కి బాత్రూంకి వెళ్లొచ్చి పడుకోవాలి. వనజగారూ, ఆ 14 పీరియడ్ మొదలైన ఎన్నో రోజున కొలిచారు?

వనజ: 24వ రోజు.

స్కాన్‌రూమ్: పీరియడ్ రాబోయే ముందు పొర మందంగానే ఉంటుంది. నెలలు ఆగిపోయిన ఆవిడకి 14 వస్తే లెక్క వేరు. మీకు ఆ అంకె ఒక్కటీ ఏమీ చెప్పదు. మందమైన పొరలో పాలిప్ అనే చిన్న కండ దాక్కుంటుంది, పైనుంచి చూస్తే అసలు దొరక్కపోవచ్చు. బ్లీడింగ్ ఆగగానే, పదో రోజులోపు వెళ్లండి. ఆగకపోతే డాక్టర్‌ని అడగండి, బ్లీడింగ్‌లోనూ చేస్తారు. లోపల పెట్టే ప్రోబ్‌కి కండోమ్ తొడిగి జెల్ రాస్తారు. నొప్పయితే ఆపమనండి.

రమ్య_హైద్: మా చెల్లికి 19, పెళ్లి కాలేదు. నెలలు తప్పుతున్నాయి. స్కాన్‌లో పీసీఓడీ అన్నారు. తనకీ లోపలి నుంచే చెయ్యాలా?

స్కాన్‌రూమ్: అక్కర్లేదు, పొట్ట మీద చాలు. అయినా మొదటి పీరియడ్ వచ్చి 8 ఏళ్లు నిండకుండా స్కాన్ చూసి పీసీఓడీ అనకూడదు. ఆ వయసులో అండాశయంలో చాలా నీటి బుడగలు ఉండటం మామూలే. నెలల లెక్క, హార్మోన్ల రక్తపరీక్ష చూడాలి.

లక్కీమామ్: మొత్తానికి లోపలి స్కాన్ నార్మల్ అంటే ఇక ఏమీ లేనట్టే కదా.

సముద్రం: కాదండీ. నాకు మూడు స్కాన్లు నార్మల్. పీరియడ్‌లో ఆఫీసు కుర్చీలోంచి లేవలేకపోయేదాన్ని. చివరికి పొట్టలోకి కెమెరా పెట్టి చూసే లాపరోస్కోపీలో ఎండోమెట్రియోసిస్ అని తేలింది, అంటే గర్భసంచి పొరలాంటిది బయట పెరగడం. అండాశయంలో పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్ట్ ఉంటే స్కాన్‌లో కనిపించేదట, నాకున్నవి పలచటి మచ్చలు.

వనజ: పదో రోజు వెళ్లి వచ్చాను. పది నిమిషాలు, అసౌకర్యమే కానీ నొప్పి లేదు. పొర 6కి తగ్గింది. దాని మధ్య 11 మిల్లీమీటర్ల పాలిప్ ఉంది. రంగుల స్కాన్ పెడితే అందులోకి ఒక్క ఎర్ర గీత వెళ్తోంది. అది రక్తనాళం, కాబట్టి రక్తపు గడ్డ కాకపోవచ్చు అన్నారు. గర్భసంచిలోకి సన్నటి కెమెరా పంపే హిస్టెరోస్కోపీలో తీసి బయాప్సీకి పంపుతారట. అది ఏంటో అప్పుడే తెలుస్తుంది, స్కాన్ చెప్పలేదన్నారు. మత్తు ఇచ్చి చేస్తారా? ఎవరైనా చేయించుకున్నారా?