సింక్‌లో డిలీట్ లిమిట్ ఎంత పెట్టాలి?

మా షాపుల స్టాక్ పట్టికను రోజూ రాత్రి సీఎస్‌వీ ఫైల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లోకి సింక్ చేస్తాం. ఫైల్‌లో లేని వరుస డేటాబేస్‌లోనూ పోవాలి. పోయిన నెల ఎక్స్‌పోర్ట్ మధ్యలో తెగి, 48,000 వరుసలకు 19,000 మాత్రమే వచ్చాయి. స్క్రిప్ట్ మిగతా 29,000 శుభ్రంగా తుడిచేసి, లాగ్‌లో "సక్సెస్" అని రాసింది! బ్యాకప్ ఉంది కాబట్టి బతికాం.

ఇప్పుడు ట్రాన్సాక్షన్‌లో ముందు ఇది లెక్కేసి, 5 శాతం దాటితే ఆపేస్తున్నా:

```
100.0 * to_delete / NULLIF(dest_before, 0)
```

పెద్ద షాపులకు బాగానే ఉంది. కానీ 12 వరుసలే ఉన్న చిన్న షాపులో ఒక్కటి తీసేసినా 8.3 శాతం అయి ఆగిపోతోంది. "5 శాతం, కనీసం 20 వరుసలు, రెండూ దాటితేనే ఆపు" అంటే ఆ షాపు మొత్తం ఖాళీ అయినా పట్టుకోదు.

మార్పులది ఇంకో గొడవ. ధరలు సవరించిన రోజు 70 శాతం వరుసలు మారడం మామూలే. అప్పుడల్లా `--force` కొట్టడం అలవాటైపోతే లిమిట్ ఉండీ లేనట్టే కదా?

చిన్న పట్టికలకు మీరు ఏ నియమం పెట్టారు? మార్పులకు కాలమ్ వారీగా వేరే లిమిట్ పెట్టినవాళ్లున్నారా? రోజుకు 4 శాతం చొప్పున వారమంతా పోతే ఎలా పట్టుకుంటున్నారు?