ఫైనల్ పాస్ నెట్‌వర్క్: జట్టును కలిపేవాళ్లుగా ఎవరెవరో పైకి వస్తున్నారు

గీతలు_చుక్కలు
2022 వరల్డ్ కప్ ఫైనల్, అర్జెంటీనా–ఫ్రాన్స్. స్టాట్స్‌బాంబ్ ఉచితంగా పెట్టిన డేటా తీసుకున్నాను, `match_id` 3869685. పూర్తయిన పాస్‌లను మాత్రమే ఇలా వడగట్టాను:

```python
p = ev[(ev.type == "Pass")
       & ev.pass_outcome.isna()
       & (ev.team == "Argentina")]
```

ఎవరి నుంచి ఎవరికి ఎన్ని పాస్‌లు వెళ్లాయో లెక్కేసి, ఆ సంఖ్యనే `weight`గా ఇచ్చి `networkx`లో బిట్వీన్‌నెస్, అంటే మిగతావాళ్ల మధ్య దగ్గరి దారుల్లో ఒక్కొక్కరు ఎంత తరచుగా వస్తారన్నది, తీశాను. పైన వచ్చిన పేర్లు చూస్తే మ్యాచ్ చూసినవాడెవడూ నమ్మడు. ఎక్కడుంది తేడా? ఇంకో రెండు సందేహాలు: మొదటి సబ్‌స్టిట్యూషన్ దగ్గర ఆపేయాలా? త్రో-ఇన్‌లు ఉంచాలా, తీసేయాలా?

సెంటర్‌బ్యాక్4
బిట్వీన్‌నెస్ పక్కన పెట్టండి. ఇచ్చినవి, అందుకున్నవి కూడితే సరిపోతుంది. ఎవరి మొత్తం ఎక్కువో వాడే జట్టును కలుపుతున్నాడు. నేను వెనక లైన్‌లో ఆడినవాణ్ని. మా పాస్‌లను లెక్కలోకే తీసుకోరు, తీసుకుంటే మేమే పైన ఉంటామని తెలుసు కాబట్టి.

నోడ్‌వేట
@సెంటర్‌బ్యాక్4 మొత్తం చూస్తే ఎవరి దగ్గరికి బంతి ఎక్కువ వెళ్లిందో తెలుస్తుంది, అది పనికొచ్చే సంగతే. కానీ ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు తమలో తాము ముప్పై సార్లు అటూ ఇటూ ఇచ్చుకున్నా ఆ మొత్తం పెరుగుతుంది. వాళ్లు జట్టులో ఎవరినీ ఎవరితోనూ కలపలేదు.

@గీతలు_చుక్కలు మీ సమస్య `weight`లోనే ఉంది. బిట్వీన్‌నెస్ లెక్కలో `networkx` ఆ సంఖ్యను దూరంగా చదువుతుంది. పాస్‌లు ఎక్కువున్న జంట దానికి ఎక్కువ దూరంలో ఉన్న జంట. చిన్న ఉదాహరణ: సెంటర్‌బ్యాక్ నుంచి రైట్‌బ్యాక్‌కు 15 పాస్‌లు, రైట్‌బ్యాక్ నుంచి వింగర్‌కు 10, సెంటర్‌బ్యాక్ నుంచి వింగర్‌కు నేరుగా ఒకే ఒక్క పొడవాటి పాస్. మీరిచ్చిన లెక్కలో రైట్‌బ్యాక్ మీదుగా వెళ్తే దూరం 25, నేరుగా వెళ్తే 1. కాబట్టి ఆ ఒక్క పాసే దగ్గరి దారి అయిపోతుంది, రైట్‌బ్యాక్‌కు సున్నా. తిరగేయండి:

```python
for u, v, d in G.edges(data=True):
    d["dist"] = 1 / d["weight"]
bc = nx.betweenness_centrality(G, weight="dist")
```

ఇప్పుడు రైట్‌బ్యాక్ దారి 1/15 + 1/10, అంటే సుమారు 0.17. నేరుగా వెళ్లే దారి 1. రైట్‌బ్యాక్ మధ్యలోకి వస్తాడు. గ్రాఫ్ `DiGraph`గా ఉందో లేదో కూడా చూసుకోండి. ఇవ్వడం, అందుకోవడం ఒకటి కావు.

పాతకోచ్
చుక్కలు ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న. నా జట్టులో ఇద్దరు వింగర్లు సగం ఆటకు వైపులు మార్చుకుంటారు. సగటు స్థానం తీసి గీసిన బొమ్మలో ఇద్దరూ మైదానం మధ్యలో ఒకరి మీద ఒకరు నిలబడి ఉన్నారు! ఆ బొమ్మ పట్టుకుని యాజమాన్యం మనిషి ఒకరు వచ్చి, మీ జట్టుకు వెడల్పు లేదన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

నోడ్‌వేట
@పాతకోచ్ సగటు బదులు మధ్యస్థం తీసినా అది పూర్తిగా పోదు. వైపులు మారిన నిమిషం దగ్గర రెండు బొమ్మలుగా విడదీయాలి.

ఎడమకాలు
సబ్‌స్టిట్యూషన్ సంగతికి వద్దాం. ఫ్రాన్స్ 41వ నిమిషంలోనే జిరూ, డెంబెలేలను తీసి తురామ్, కోలో ముఆనీలను దింపింది. అర్జెంటీనా మొదటి మార్పు 64వ నిమిషంలో, డి మారియా బదులు అకునా. రెండు జట్లనూ ఎవరి మొదటి మార్పు దగ్గర వాళ్లవి ఆపేసి పక్కపక్కన పెడితే ఒకటి 41 నిమిషాల బొమ్మ, ఇంకొకటి 64 నిమిషాలది. అయిదు పాస్‌లు దాటితేనే గీత గీస్తామంటారు చాలామంది. 41 నిమిషాల్లో అయిదంటే 64 నిమిషాల్లో దాదాపు ఎనిమిది. ఒకే హద్దు రెంటికీ ఎలా పెడతారు? ఆటగాళ్లను వదిలి స్థానాలనే చుక్కలు చేయండి. లెఫ్ట్ వింగ్‌లో ఎవరున్నా అది లెఫ్ట్ వింగే.

డేటాపిచ్చి
అదే మ్యాచ్‌లో మీ పద్ధతి కుప్పకూలుతుంది. తురామ్ ఎడమవైపుకు వచ్చాక ఎంబాపే మధ్యకు జరిగాడు. స్థానాలను చుక్కలు చేస్తే మీ లెఫ్ట్ వింగ్ చుక్కలో ముందు ఎంబాపే, తర్వాత తురామ్. ఎవరు కలుపుతున్నారన్న ప్రశ్నకు స్థానం పేరు జవాబా? ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను, క్లబ్బులకు నివేదికలు రాసిచ్చాను, ఎవరూ స్థానాలు వాడరు.

ఎడమకాలు
ఎవరికి రాసిచ్చారో నాకు అక్కర్లేదు. 41 నిమిషాల్లో కొంతమంది ఆటగాళ్ల మధ్య రెండు మూడు పాస్‌లకు మించి ఉండవు. దాని మీద బిట్వీన్‌నెస్ తీసి పేర్లకు వరుస పెట్టడం న్యాయమా? ఒక్క పాస్ అటూ ఇటూ అయితే వరుస మారిపోతుంది.

డేటాపిచ్చి
వరుస మారుతుందన్నది నిజమే. దానికి మందు స్థానాలు కలిపేయడం కాదు. కొన్ని పాస్‌లను యాదృచ్ఛికంగా తీసేసి మళ్లీ మళ్లీ లెక్కించండి. ప్రతిసారీ పైనే ఉన్నవాడి గురించి మాట్లాడండి, మిగతావాళ్లను వదిలేయండి. మీరు ఇది ఎప్పుడూ చేసి ఉండరు.

ఎడమకాలు
చేశాను. అలా చేసి చూసే ఈ మాట అంటున్నాను. గొంతు పెంచితే పాస్‌లు పెరగవు.

ఖాళీ_కాలమ్
మీకు పాస్ అందుకున్నవాడి పేరు డేటాలోనే ఉంది, అదృష్టవంతులు. నేను వైస్కౌట్ వాళ్ల బహిరంగ డేటాతో చేస్తున్నాను, అందులో ఆ పేరు ఉండదు. తర్వాతి ఈవెంట్ ఎవరిదో చూసి ఊహించాలి. మధ్యలో డ్యుయల్ వస్తే తర్వాతి వరుస ప్రత్యర్థిది కావచ్చు. అందుకే నేను పాస్ పూర్తయిందన్న ట్యాగ్ 1801 ఉన్నవే తీసుకుని, తర్వాత అదే జట్టు ఆటగాడు బంతి తాకేదాకా వెతుకుతున్నాను. అయినా పాస్ ఇచ్చినవాడే అందుకున్నట్టు కొన్ని వస్తున్నాయి.

నోడ్‌వేట
@ఖాళీ_కాలమ్ తనకు తానే ఇచ్చుకున్నట్టు వచ్చినవి ఎన్నో లెక్కపెట్టండి. మీ ఊహ ఎంత తప్పుతోందో ఆ సంఖ్య చెబుతుంది. అవి ఎక్కువైతే వెతకడాన్ని ఒకటి రెండు ఈవెంట్లకే పరిమితం చేసి, దొరకని పాస్‌ను వదిలేయడం మేలు. స్టాట్స్‌బాంబ్‌లోనూ ఒక చిక్కుంది: తప్పిపోయిన పాస్‌లకు కూడా `pass_recipient` నిండి ఉండవచ్చు. ఆ కాలమ్ ఖాళీగా లేదు కదా అని పాస్ పూర్తయిందనుకోవద్దు. `statsbombpy` తెచ్చే పట్టిక ఆట జరిగిన క్రమంలో ఉండదు, `index` మీద సర్దుకోండి. నిమిషం మీద సర్దితే మొదటి సగం అదనపు సమయం, రెండో సగం మొదలు కలిసిపోతాయి.

గీతలు_చుక్కలు
`1 / weight` పెట్టాక వరుస మారింది, ఒకే ఒక్క పాస్ గీతల మీద ఆధారపడినవాళ్లు కిందికి దిగారు. కానీ ఒకటి నన్ను వేధిస్తోంది. అర్జెంటీనా రెండో గోల్ చూడండి. మాక్ అలిస్టర్ నుంచి మెస్సీ, మెస్సీ నుంచి అల్వారెజ్, అల్వారెజ్ నుంచి మళ్లీ మాక్ అలిస్టర్, చివరికి డి మారియా. నాలుగు పాస్‌ల్లో మైదానమంతా దాటేశారు. నా గ్రాఫ్‌లో ఆ నాలుగు గీతలకు ఒక్కొక్కటి చేరిందంతే. వెనక నిలబడి అటూ ఇటూ తోసుకున్న పాస్‌కూ అదే ఒకటి.

సెంటర్‌బ్యాక్4
వెనక పాస్‌లు లేకపోతే ముందు ఖాళీ ఎక్కడ దొరుకుతుంది?

నోడ్‌వేట
దొరకదు, ఒప్పుకుంటాను. కానీ @గీతలు_చుక్కలు అడిగినదానికి ఒక పాత దారి ఉంది. 2008 యూరో మీద డూచ్, వైట్జ్‌మన్, అమరాల్ 2010లో చేసిన పనిలో షాట్‌ను కూడా నెట్‌వర్క్‌లోకి తెచ్చారు. షాట్‌తో ముగిసిన వరుసల్లో ఒక ఆటగాడు ఎన్నింటిలో ఉన్నాడో చూశారు. మీ డేటాలో `possession` కాలమ్ ఉంది. షాట్ ఉన్న పొజెషన్లను పట్టుకుని, వాటిలోని పాస్‌లతో రెండో నెట్‌వర్క్ కట్టండి.

డేటాపిచ్చి
ఒక్క మ్యాచ్‌లో అలాంటి పొజెషన్లు ఎన్నుంటాయి? ఇందాక తక్కువ పాస్‌ల మీద గొడవపడ్డాం, ఇది ఇంకా తక్కువ. ఆ జట్టు టోర్నమెంట్‌లో ఆడిన ఏడు మ్యాచ్‌లూ కలిపితేనే దానికి అర్థం.

ఎడమకాలు
ఏడు మ్యాచ్‌లు కలిపితే ఆడిన పదకొండు మంది మారతారు. స్థానాలు వాడనని మీరే అన్నారు.

డేటాపిచ్చి
ఆటగాళ్ల జంటగా తీసుకుని, ఇద్దరూ మైదానంలో ఉన్న నిమిషాలతో భాగిస్తాను. స్థానాల అవసరం రాదు.

పాతకోచ్
ఆ భాగహారం నా వింగర్లకూ పనికొస్తుంది. ఒకే వైపు ఉన్న నిమిషాలు విడిగా, వైపు మారాక విడిగా. రేపటి మ్యాచ్‌కు అలాగే కట్టి చూస్తాను.