మంచాన పడిన మామగారి రాత్రి పని: భార్యాభర్తలు ఎలా పంచుకుంటున్నారు?

కావలి కోడలు:
పక్షవాతంతో మంచాన పడిన మా మామగారిని ఇంట్లోనే చూసుకుంటున్నాము. మూత్రానికి గొట్టం, సంచి పెట్టారు, ఆహారం కూడా గొట్టం ద్వారానే పోస్తున్నాము. రెండు గంటలకొకసారి ఒత్తిగిలించి పడుకోబెట్టమని డాక్టరు చెప్పారు. మావారు పొద్దున్నే రైలుకు ఒంగోలు వెళ్లాలి కనుక రాత్రి పని నా మీదే పడుతోంది. పిలిస్తే లేస్తారు గానీ, ప్రతిసారీ పిలవవలసి రావడమే నాకు కోపం తెప్పిస్తోంది. ఇద్దరం కాసేపు కూర్చున్నా మాటలు మందుల దగ్గరే ఆగిపోతున్నాయి.

దర్గామిట్ట వాసి:
గాలి పరుపు కొనండమ్మా. అందులోని అరలు వంతులవారీగా నిండుతూ ఖాళీ అవుతూ ఉంటాయి కనుక తిప్పే పని ఉండదు, ఇద్దరూ హాయిగా నిద్రపోవచ్చు.

విశ్రాంత నర్సు, ఒంగోలు:
పరుపు కొనమన్నది మంచి సలహాయే, తిప్పనక్కరలేదన్నది మాత్రం సరికాదు. ఒత్తిడి తగ్గుతుందే తప్ప పోదు. వ్యవధి ఎంత పెంచవచ్చో డాక్టరు చర్మం చూసి చెప్పాలి. నడుము కింది ఎముక, తుంటి, మడమల దగ్గర ఎరుపు కనిపిస్తే వేలితో నొక్కి చూడండి. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలవుతున్నట్లే. అక్కడ నూనె రాసి రుద్దకండి, డాక్టరుకు చూపించండి.

ఇక రాత్రి సంగతి. మీరు తొమ్మిదికే వేరే గదిలో పడుకోండి. పదకొండుకు, ఒంటిగంటకు ఆయన తిప్పి పడుకుంటారు, మూడుకు, ఐదుకు మీరు లేస్తారు. అప్పుడు మీకు ఆరు గంటలు, ఆయనకు ఐదు గంటలు తెగని నిద్ర దొరుకుతుంది. ఎవరి వంతు అలారం వారి ఫోనులోనే మోగాలి. పగటి పనిని కూడా ముక్కలుగా కాక మొత్తంగా అప్పగించండి: మూత్రం సంచి ఆయనదైతే ఖాళీ చేయడం, రంగు మారిందా అని చూడటం, గొట్టం మార్పించే తేదీ గుర్తుంచుకోవడం అన్నీ ఆయనవే. "సంచి నిండిందా?" అని మిమ్మల్ని అడుగుతున్నంత కాలం ఆ పని మీదే.

కనిగిరి నుంచి:
మా అత్తగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది, ఆ సమయంలో ఆమెను అక్కడి సిబ్బంది చూసుకుంటారు కనుక, వారంలో ఒకసారి మేమిద్దరం దగ్గరి హోటల్లో టిఫిన్ చేసి వస్తాము. మీకు ఇది కుదరదేమో.

కావలి కోడలు:
మాకు అలాంటి విరామం లేదండీ. ఆదివారం మా ఆడబిడ్డ నెల్లూరు నుంచి వస్తుంది గానీ, ఆమెకు వంట చేయడంతోనే పూట గడిచిపోతుంది.

విశ్రాంత నర్సు, ఒంగోలు:
వచ్చిన వెంటనే తిప్పే వేళలు, గొట్టం ద్వారా ఆహారం పోసే వేళలు రాసిన కాగితం ఆమె చేతికిచ్చి, తలవైపు ఎత్తుగా ఉంచి పోయడం, పోశాక మరో అరగంటైనా అలాగే ఉంచడం ఒకసారి దగ్గరుండి చేయించండి. తరువాత మీరిద్దరూ బయటికి వెళ్లండి. ఆమె కూడా కూతురే కదా.

కావలి కోడలు:
ఆడబిడ్డను ఈ ఆదివారమే అడుగుతాను. నాచేత శుభ్రం చేయించుకోవడానికి మామగారు బిడియపడుతున్నారు కనుక స్నానం, శుభ్రత మావారికే పూర్తిగా అప్పగిస్తాను. ఒంటిగంట వంతుకు మాత్రం ఆయన ఇంకా ఒప్పుకోలేదు. రోజూ రైలు ప్రయాణం చేసేవారు ఎవరైనా ఈ పద్ధతి పాటిస్తున్నారా?