అప్‌డేట్: మూడు వేలలో ఐదు సెంటు సీసాలు

ఇంతకుముందు మిమ్మల్ని నేనడిగిన ప్రశ్న: విజయవాడ ఎండకి, వానలకి, చలికి, ఆఫీసుకి, సాయంత్రం ఫంక్షన్లకి కలిపి మూడు వేలలో ఐదు సెంట్లు కుదురుతాయా?

కుదిరాయండి. పెద్ద సీసా ఒక్కటే కొన్నాను, ఆఫీసుకి. రోజూ వాడేది అదే కాబట్టి 50 మి.లీ. స్ప్రే: కొట్టగానే పైకి వచ్చేది నిమ్మ వాసన, అడుగున నిలిచేది తేలికపాటి మస్క్. మిగతావన్నీ చిన్నవే. ఎండకి వట్టివేరు అత్తరు, వానలకి మట్టి అత్తరు 3 మి.లీ. చొప్పున, చలికి వెనీలా, రాత్రి పెళ్ళిళ్ళకి ఊద్ 5 మి.లీ. డీకాంట్లు, అంటే పెద్ద సీసాలోంచి చిన్న సీసాల్లోకి తీసి అమ్మేవి.

మీరు చెప్పినట్టే షాపులో వాసన చూడమని ఇచ్చే కాగితం పట్టీని నమ్మకుండా మణికట్టు మీద రాసుకుని, కాసేపు ఎండలో తిరిగి, రెండు మూడు గంటలయ్యాక మళ్ళీ చూశాను. నిమ్మ త్వరగా ఎగిరిపోతుంది, సాయంత్రం దాకా మనతో ఉండేది అడుగున ఉన్న వాసనే. అందుకే ఆ మస్క్ నచ్చాకే స్ప్రే తీసుకున్నాను. ఊద్ మధ్యాహ్నం ఉక్కిరిబిక్కిరి చేసింది, అదే ఏసీ హాల్లో ఎంతో హాయిగా ఉంది.

అత్తరు విషయంలో ఒక్క మాట. సంప్రదాయంగా అత్తరు వాసనని పట్టి ఉంచే ఆధారం చందనం నూనె. అసలైనది చాలా ఖరీదు, కాబట్టి చవక సీసాల్లో ఆధారం సాధారణంగా వేరేదే. వాసన బాగుంటే కొనండి, కానీ పట్టుచీర మీద పెట్టకండి, మరక పడుతుంది. చెవి వెనక ఒక్క చుక్క చాలు.