అప్‌డేట్: దంతవైద్యుడి చేతికి బీమా ఉంటుందా?

నా ప్రశ్న: "నేను దంతవైద్యుణ్ణి. కుడిచెయ్యి పనిచేయకపోతే నా క్రిటికల్ ఇల్నెస్ పాలసీ డబ్బు చెల్లిస్తుందా?"

సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ప్రీమియం పట్టిక వదిలి, పాలసీలోని నిర్వచనాలు చదవమన్న సలహాయే దారి చూపింది. నేను సంప్రదించిన బీమా సలహాదారు మొదట చూపించింది పక్షవాతం నిబంధన. రెండు లేదా అంతకన్నా ఎక్కువ అవయవాలు శాశ్వతంగా పనిచేయకుండా పోతేనే ఆ నిబంధన వర్తిస్తుంది కాబట్టి, ఒక్క కుడిచెయ్యి పోతే నా వృత్తి ముగిసినా పైసా రాదు. స్ట్రోక్‌కు చెల్లింపు ఉంది గాని, నాడీ లోపం కనీసం 3 నెలలు కొనసాగినట్టు ఆధారాలు చూపాలి.

టర్మ్ పాలసీకి జోడించే వైకల్య రైడర్ నాకు ఉపయోగపడలేదు. ఏ పనీ చేసి సంపాదించలేని స్థితినే అది వైకల్యంగా లెక్కిస్తుంది. పాఠం చెప్పగలిగే దంతవైద్యుడు దానికి అర్హుడు కాడు.

చివరకు తాత్కాలిక వైకల్యానికి వారం వారం చెల్లించే ఐచ్ఛిక కవర్‌తో 50 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకున్నాను. వారానికి 0.2 శాతం చొప్పున 10,000 రూపాయలు వస్తాయి; క్లినిక్ అద్దెకు అది ఆసరా. బొటనవేలు పూర్తిగా కోల్పోతే పట్టిక ప్రకారం 25 శాతం, అంటే 12.5 లక్షలు. అయితే ఇవన్నీ ప్రమాదానికే. మణికట్టు నరం నొక్కుకుపోవడం వంటి జబ్బుతో చెయ్యి మొద్దుబారితే క్రిటికల్ ఇల్నెస్ పాలసీ, ప్రమాద బీమా రెండూ చెల్లించవు. అందుకోసం విడిగా పొదుపు మొదలుపెట్టాను.