అప్‌డేట్: టేబుల్ కనిపించడం లేదన్నాను, వెంటనే మార్చి పంపారు

నా ప్రశ్న: "జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీలలో లోగోకి ఏది వాడాలి? మీరు పంపిన టేబుల్ నా ఫోన్‌లో కనిపించడం లేదు, అన్నీ గీతలే."

అప్‌డేట్: పని అయిపోయింది. మొదట నాకు కనిపించింది ఇలా ఉంది:

```
| రకం | పారదర్శకత |
|---|---|
| పీఎన్‌జీ | ఉంది |
```

చాట్ యాప్‌లో బోల్డ్ అక్షరాలు బాగానే వచ్చాయి కాబట్టి తప్పు నాదే అనుకున్నాను. నిజానికి మామూలు గుర్తులతో బోల్డ్ లాంటివి రాసే మార్క్‌డౌన్ మూల నియమాల్లో టేబుల్ లేదు, అది తర్వాత చేర్చిన అదనపు సౌకర్యం. అందుకే కొన్ని యాప్‌లు బోల్డ్‌ని చూపించి, టేబుల్‌ని మాత్రం ఉన్నదున్నట్టు వదిలేస్తాయి.

ఏ యాప్, ఏ వెర్షన్, స్క్రీన్‌షాట్ పెట్టండి లాంటివేవీ టేబుల్ పంపినాయన అడగలేదు. "నాకు బాగానే కనిపిస్తోందే" అనీ అనలేదు (ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది). వెంటనే ఇలా పంపారు:

```
జేపెగ్: పారదర్శకత లేదు, నాణ్యత కొంత పోతుంది.
పీఎన్‌జీ: పారదర్శకత ఉంది, నాణ్యత పోదు.
వెబ్‌పీ: పారదర్శకత ఉంది, నాణ్యత మన ఎంపిక.
```

స్పేస్‌లు కొట్టి నిలువు వరసలు కుదర్చలేదు, అది మంచిదైంది. ఫోన్ ఫాంట్‌లో ఒక్కో అక్షరం ఒక్కో వెడల్పు కదా, అవి మళ్లీ చెదిరిపోయేవి. ప్రతి లైన్‌లోనూ "పారదర్శకత" అనే మాట తిరిగి రావడంతో పైకి చూసి శీర్షిక వెతుక్కునే పని లేకపోయింది. పది రకాలుంటే ఈ పద్ధతి విసుగే, మూడింటికి హాయిగా ఉంది.

తర్వాత సైజుల గురించి అడిగితే, నేను గుర్తుచేయకుండానే అదీ మామూలు లైన్లలోనే వచ్చింది. లోగో పీఎన్‌జీలో సేవ్ చేశాను.